ఫలానా టైములోగా చెప్పకపోతే ఏం జరుగుతుందో మెసేజ్‌లో ఎలా రాయాలి?

మాధవి_పి · శనివారం ఉదయం

మా ఆఫీసులో మీటింగులు కుదిర్చే పని నాది. వచ్చే గురువారం, 12వ తేదీ ఉదయం 10:30కి గంటన్నర రివ్యూ పెట్టాలి. బయటి నుంచి ఒక నిపుణురాలు వస్తారు. మీటింగ్ ఖాయమో కాదో బుధవారం మధ్యాహ్నం 12 లోపు ఆవిడకు చెప్పాలి. చెప్పకపోతే ఆ టైము వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. మా వైపు నుంచి నలుగురిని పిలవాలి, అందులో ఇద్దరు నాకంటే బాగా సీనియర్లు.

సోమవారం పొద్దున పంపాలనుకుంటున్న మెసేజ్ ఇది:

> అందరికీ నమస్కారం. గురువారం ఉదయం 10:30కి రివ్యూ మీటింగ్ అనుకుంటున్నాం. మీకు వీలవుతుందో లేదో వీలు చూసుకుని త్వరగా తెలియజేయగలరు. ధన్యవాదాలు.

ఇలాంటివాటికి మామూలుగా ఇద్దరు వెంటనే జవాబిస్తారు, ఇద్దరు చూసి ఊరుకుంటారు. ఈసారి గడువు పెట్టాలని ఉంది. కానీ "5 లోపు చెప్పకపోతే..." అని సీనియర్‌కి రాస్తే బెదిరించినట్టు ఉంటుందేమోనని టెన్షన్. అసలు ఆ "చెప్పకపోతే" తర్వాత ఏం రాయాలన్నది కూడా తేలడం లేదు.

కిరణ్_77

ఇది చాలా సులువండీ. మెసేజ్ రాసి, పంపే బటన్ నొక్కి పట్టుకుంటే టైము పెట్టుకునే ఆప్షన్ వస్తుంది. రాత్రే రాసి పెట్టుకోండి, పొద్దున 9కి అదే వెళ్ళిపోతుంది. కొన్ని యాప్‌లలో ఈ సౌకర్యం లేదు, మీరు ఏది వాడుతున్నారు?

మాధవి_పి

కిరణ్ గారూ, మెసేజ్ ఎప్పుడు పంపాలన్నది కాదు నా సమస్య. మీటింగ్ టైము అడిగే మెసేజ్‌లో జవాబుకి గడువు పెట్టడం గురించి అడుగుతున్నాను.

రవి_కె

నేనైతే ఒకే వాక్యం రాస్తాను: "మంగళవారం లోగా జవాబు రాకపోతే మీరు వస్తున్నట్టే భావిస్తాం." అంతే. మౌనం అర్ధాంగీకారం అని పెద్దలు ఊరికే అన్నారా? రాలేనివాళ్ళే నోరు విప్పుతారు, వచ్చేవాళ్ళు చెప్పక్కర్లేదు. అందరికీ పని తగ్గుతుంది. మా టీమ్‌లో ఎన్నాళ్ళుగానో ఇదే నడుస్తోంది, ఎప్పుడూ గొడవ రాలేదు.

లాయర్_వనజ

రవి గారూ, మీరన్న సామెతలోనే అది అర్ధం, పూర్తి అంగీకారం కాదు :)

న్యాయశాస్త్రం చదివేవాళ్ళకు మొదట్లోనే వచ్చే ఒక ఇంగ్లండ్ కేసు ఉంది, 1862 నాటిది, ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ. ఒకాయన ఒక కుర్రాడి గుర్రం కొనాలనుకున్నాడు. ఆ కుర్రాడు ఆయనకు మేనల్లుడో, తమ్ముడి కొడుకో, నెఫ్యూ అన్న ఇంగ్లిష్ మాటను బట్టి తెలియదు గానీ, అతనికి ఇలా రాశాడు: గుర్రం గురించి ఇంకేమీ వినకపోతే 30 పౌండ్ల 15 షిల్లింగులకు అది నాదే అనుకుంటాను. కుర్రాడు జవాబు రాయలేదు. వేలంపాటగాడు మాత్రం పొరపాటున ఆ గుర్రాన్ని వేరేవాళ్ళకు అమ్మేశాడు. కేసు కోర్టుకి వెళ్తే, అవతలివాడు నోరు మెదపనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని తేల్చారు. విచిత్రమేమిటంటే ఆ కుర్రాడికి అమ్మే ఉద్దేశం నిజంగానే ఉంది, గుర్రాన్ని వేలంలోంచి తీసేయమని చెప్పాడు కూడా. కానీ కొనేవాడికి ఆ మాట చేరవేయలేదు.

మీటింగులకు కాంట్రాక్టు చట్టం అక్కర్లేదు. కానీ తర్కం అదే. మీరు ఒక వాక్యం రాసినంత మాత్రాన అవతలి మనిషి మీద "కాదు అని చెప్పాల్సిన బాధ్యత" పడదు. వాళ్ళు మెసేజ్ చూడకపోయి ఉండొచ్చు కూడా.

రవి_కె

వనజ గారూ, గుర్రం కొనడానికీ గంటన్నర మీటింగ్‌కీ పోలికేంటండీ. మాకు నడుస్తోంది అంటున్నాను కదా.

పాతకాపు

రవి గారి పద్ధతి ఆయన టీమ్‌లో ఎందుకు నడుస్తోందో నేను చెప్పగలను. రోజూ ఒకరి పక్కన ఒకరు కూర్చునే మనుషులు, వారం వారం జరిగే మీటింగ్, ఒకరు రాకపోయినా ఆగేది ఏమీ లేదు. అలాంటి చోట "జవాబు లేకపోతే వస్తున్నట్టే" అన్నది తప్పయినా నష్టం ఉండదు. మాధవి గారి విషయం అలా కాదు. గురువారం పొద్దున నిపుణురాలు వచ్చి కూర్చుని, రావాల్సిన మనిషి రాకపోతే ఆవిడ గంటన్నర వృథా, మళ్ళీ ఆవిడ దొరకడం కష్టం.

మాధవి గారూ, ఒక ప్రశ్న. ఆ నలుగురిలో ఎవరు లేకపోతే మీటింగ్ పెట్టడం దండగ? ఎవరు లేకపోయినా నడుస్తుంది? అది చెప్పండి. "చెప్పకపోతే" తర్వాత ఏం రాయాలన్నది దాన్ని బట్టే తేలుతుంది.

మాధవి_పి

ఒక సీనియర్ సార్ తప్పనిసరి, నిర్ణయం తీసుకోవాల్సింది ఆయనే. లెక్కలు చూసే మేడమ్ కూడా కావాలి, కానీ ఆవిడ బదులు ఆవిడ అసిస్టెంట్ వచ్చినా సరిపోతుంది. మిగతా ఇద్దరూ ఉంటే మంచిది, లేకపోతే తర్వాత నోట్స్ పంపిస్తే చాలు.

పాతకాపు

అయితే మీకు కావాల్సింది ఒక మెసేజ్ కాదు, మూడు. నలుగురినీ ఒకే మెసేజ్‌లో పెట్టి ఒకే "చెప్పకపోతే" రాస్తే ఎవరో ఒకరి విషయంలో అది అబద్ధమవుతుంది.

ఉంటే మంచిది అనుకునే ఇద్దరికీ: జవాబు రాకపోతే మీరు లేకుండానే మొదలుపెడతాం, నోట్స్ పంపుతాం. ఇది చేయడం పూర్తిగా మీ చేతిలో ఉంది, వాళ్ళకూ నష్టం లేదు. పైగా ఆఖరి నిమిషంలో వచ్చి కూర్చున్నా ఎవరూ వద్దనరు.

మేడమ్‌కి: జవాబు రాకపోతే ఆ టైముకి మీ అసిస్టెంట్‌ని పిలుస్తాను. ఇది మేడమ్‌కి ముందే తెలియడం ముఖ్యం, తర్వాత "నన్ను అడగకుండా పిలిచారు" అనే మాట రాదు. ఆ అసిస్టెంట్‌తో మీరు సోమవారమే ఒక మాట అనుకుని ఉండాలి. ఆయనకు ఖాళీ లేకపోతే మీరు రాసింది ఉత్త మాటే.

సార్‌కి మాత్రం రెండే దారులు. జవాబు రాకపోతే మీటింగ్ జరగదు, లేదా జవాబు రాకపోతే ఆయన లేకుండా జరుగుతుంది. రెండోది మీ అధికారంలో లేదు కాబట్టి రాయకండి. "మీరు వస్తున్నట్టే అనుకుంటాను" అన్నదైతే అసలే వద్దు, ఆయన క్యాలెండర్ ఆయనది. మిగిలింది మొదటిది. అందులో ఒక చిక్కు ఉంది: ఆయన ఊరుకుంటే మొత్తం ఆగిపోతుంది, అంటే ఏమీ అనకుండానే మీటింగ్ రద్దు చేసే వీలు ఆయనకు దొరుకుతుంది. అందుకే సార్ దగ్గర మెసేజ్ మీద మాత్రమే ఆధారపడకండి, గడువుకి ముందే ఒక ఫోన్ చేయండి.

ఇక గడువు. అది వెనక నుంచి లెక్కపెట్టాలి. మీరు నిపుణురాలికి చెప్పాల్సింది బుధవారం 12కి. గడువు కూడా బుధవారం 12 అని పెడితే, 12:05కి మీ దగ్గర ఏమీ ఉండదు. జవాబు రానివాళ్ళకు ఫోన్ చేయడానికి, అసిస్టెంట్‌ని ఖాయం చేయడానికి కొంత టైము కావాలి. ఆఫీసు పని గంటల్లో సగం పూట ఉంటే నా అనుభవంలో సరిపోతుంది. కాబట్టి మంగళవారం సాయంత్రం 5. సోమవారం పొద్దున 10కి పంపితే వాళ్ళకు దాదాపు రెండు పని దినాలు దొరుకుతాయి, తొందరపెట్టినట్టు ఉండదు.

సునీత ఎస్

పంపేవాళ్ళందరూ మీలా ఆలోచిస్తే బాగుండును. మొన్న నాకొక డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉండింది. ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకి మెసేజ్: "రాత్రి 11 లోపు కన్ఫర్మ్ చేయకపోతే మీ అపాయింట్‌మెంట్ రద్దవుతుంది." నేను పిల్లాణ్ణి పడుకోబెట్టి నేనూ పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే అపాయింట్‌మెంట్ లేదు. నెల రోజుల ముందు తీసుకున్నది! గడువు చెప్పారు, చెప్పకపోతే ఏమవుతుందో కూడా చెప్పారు, రాసిన మాటల్లో తప్పేమీ లేదు. అయినా అన్యాయం కాదూ?

పాతకాపు

అన్యాయమే. మీరు ఒకసారి ఖాయం చేసుకున్నదాన్ని మీ మౌనంతో తీసేసుకున్నారు. ఇంకా ఎవరికీ ఇవ్వని టైముని పట్టి ఉంచి "జవాబు రాకపోతే వదిలేస్తాం" అనడం వేరు, మీ చేతిలో ఉన్నదాన్ని లాక్కోవడం వేరు. రెండోది చేయాలంటే గడువు చాలా ముందుండాలి, మనుషులు మెలకువగా ఉండే వేళల్లో ఉండాలి, ఒకటికి రెండుసార్లు గుర్తు చేయాలి. ఆ నియమం అపాయింట్‌మెంట్ ఇచ్చిన రోజే చెప్పి ఉండాలి కూడా.

కిరణ్_77

సునీత గారి మాట వింటే నా ఆప్షన్ కూడా పనికొస్తుంది అనిపిస్తోంది :) రాత్రి రాసిన మెసేజ్ పొద్దున వెళ్ళేలా పెడితే, గడువుకి ఉన్న టైము మెసేజ్ వెళ్ళిన దగ్గర్నుంచి లెక్కేసుకోవాలి, రాసిన దగ్గర్నుంచి కాదు. "రేపు సాయంత్రం" అని రాత్రి రాసి పొద్దున పంపితే ఆ రేపు ఏ రేపో!

దూరపు_బాటసారి

ఆ మాట కరెక్టు. అందుకే తేదీ, వారం రెండూ రాయాలి. నేను మూడు దేశాల మనుషులతో పని చేస్తాను, కాబట్టి ఇంకొకటి కలుపుతాను. క్యాలెండర్ ఇన్విటేషన్ పంపితే మీటింగ్ టైము ఎవరి ఊరి గడియారానికి తగ్గట్టు వాళ్ళకు మారి కనిపిస్తుంది. కానీ కింద వివరాల్లో మీరు టైపు చేసిన "సాయంత్రం 5 లోపు చెప్పండి" మాత్రం మారదు, అది ఉత్త అక్షరాలు. వాళ్ళు తమ సాయంత్రం 5 అనుకుంటారు. మాధవి గారి నిపుణురాలు వేరే దేశంలో ఉంటే బుధవారం మధ్యాహ్నం 12 అన్నది ఎవరి 12 అని ముందు అడగండి.

అర్ధరాత్రి 12 గడువు కూడా పెట్టకండి. "మంగళవారం రాత్రి 12" అంటే సోమవారం దాటి మంగళవారం మొదలయ్యే క్షణమా, మంగళవారం అయిపోయే క్షణమా అని సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా అనుకుంటారు.

మాధవి_పి

అందరూ ఒకే ఊళ్ళో ఉన్నాం, ఆ ఇబ్బంది లేదు. పాతకాపు గారూ, మూడు మెసేజ్‌ల విషయం బాగా అర్థమైంది. కానీ సార్‌కి రాసే మాటల దగ్గరే ఆగిపోతున్నాను. "జవాబు రాకపోతే మీటింగ్ ఆపేస్తాను" అని ఆయనకు ఎలా రాయను?

పాతకాపు

కారణం ముందు పెడితే బెదిరింపు పోతుంది. గడువు మీరు పెట్టింది కాదు, నిపుణురాలి వల్ల వచ్చింది. అది ఆయనకు కనిపించాలి. నేనైతే ఇలా రాస్తాను:

> సార్, రివ్యూ మీటింగ్ గురువారం 12వ తేదీ ఉదయం 10:30 నుంచి 12 వరకు అనుకుంటున్నాం. మీరు రాగలరో లేదో మంగళవారం 10వ తేదీ సాయంత్రం 5 లోపు చెప్పగలరా? బయటి నిపుణురాలికి బుధవారం ఖాయంగా చెప్పాలి. నిర్ణయం మీది కాబట్టి మీరు లేకుండా పెట్టలేం. మీ జవాబు అందకపోతే ఈ గురువారం మీటింగ్ ఆపి, ఆవిడను వచ్చే వారంలో వేరే టైము అడుగుతాను. "వస్తాను" లేదా "రాలేను" అని ఒక్క మాట చాలు.

ఇందులో గమనించాల్సింది, జవాబు రాకపోతే ఏం చేస్తారన్నది "నేను ఇది చేస్తాను" అని ఉంది. "మీరు బాధ్యులు", "మీదే ఆలస్యం" లాంటివి లేవు. మీరు చేయగలిగిన పనే రాశారు, ఆయన మీద తీర్పు రాయలేదు. "రాలేను" అన్న మాట కూడా మీరే అందించారు, చాలామంది ఊరుకునేది కాదనడానికి మొహమాటపడే.

ఇంకొకటి, టైము, గడువు మొదటి రెండు వాక్యాల్లోనే ఉన్నాయి. ఫోన్ తెర మీద మెసేజ్ తెరవకముందు కనిపించేది అంతవరకే. నమస్కారాలు, కుశల ప్రశ్నలు, మీటింగ్ నేపథ్యం అన్నీ అయ్యాక గడువు పెడితే, చదివినవాడు కూడా దాన్ని చూడడు.

రవి_కె

ఇంత పెద్ద మెసేజ్ సీనియర్లు చదవరు. రెండు లైన్లు చాలు.

పాతకాపు

రెండు లైన్లలో పెట్టగలిగితే పెట్టండి. "చెప్పకపోతే" లైను మాత్రం తీసేయకండి, జనం మొదట కోసేది దాన్నే.

మాధవి_పి · బుధవారం సాయంత్రం

ఏం జరిగిందో చెప్తాను. సోమవారం పొద్దున 10కి పంపాను, నలుగురికి మూడు రకాలుగా. ఉంటే మంచిది అనుకున్న ఇద్దరిలో ఒకరు వెంటనే వస్తానన్నారు, ఇంకొకరు ఏమీ అనలేదు. ఆయన లేకుండానే అనుకున్నాను, టెన్షన్ పడలేదు. మేడమ్ మంగళవారం మధ్యాహ్నం "అసిస్టెంట్‌నే పిలువు" అన్నారు.

సార్ మెసేజ్ చూసినట్టు గుర్తు పడింది, జవాబు లేదు. మంగళవారం పొద్దున గుర్తు చేశాను, అదే గడువు, అవే మాటలు. మధ్యాహ్నం 3:30కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. 5 దాటింది. రాత్రి 7:40కి "వస్తాను" అని వచ్చింది. అప్పటికి నిపుణురాలికి నేనింకా ఏమీ చెప్పలేదు, బుధవారం పొద్దున చెప్దామని ఆగాను. ఏం చేయాలో తెలియక చివరికి సరే అన్నాను. మీటింగ్ రేపు జరుగుతోంది. కానీ ఇప్పుడు సందేహం: 5 అని రాసి 7:40కి ఒప్పుకుంటే నా గడువుకి విలువేం ఉంది?

రవి_కె

ఏం లేదు. ఆయనకు తెలిసిపోయింది, 5 అంటే 8 అని. వచ్చేసారి 10కి చెప్తారు. ఆపేయాల్సింది.

లాయర్_వనజ

ఆపేస్తే నష్టపోయేది ఎవరు? నిపుణురాలు, మిగతా ఇద్దరు, మాధవి గారు. ఆలస్యం చేసిన మనిషికి పాఠం చెప్పడం కోసం టైముకి చెప్పినవాళ్ళ వారం పాడుచేయడం నాకు నచ్చదు.

పాతకాపు

మాధవి గారు చేసింది సరే అంటాను, కానీ రవి గారి భయం కూడా నిజమే. నేను పాటించేది ఇది: గడువు దాటాక చెప్పిన పని ఇంకా చేయకపోతే, ఆలస్యంగా వచ్చిన "వస్తాను"ని తీసుకుంటాను. ఇంకెవరికీ ఏ మాటా ఇవ్వలేదు కాబట్టి. పని చేసేసి ఉంటే, అంటే నిపుణురాలికి రద్దు అని చెప్పేసి ఉంటే, వెనక్కి తీసుకోను. అందుకే గడువు దాటిన వెంటనే ఆ పని చేసెయ్యాలి, లేదా "5 దాటింది, పొద్దున 9కి రద్దు చెప్తున్నాను" అని ఒక లైను పంపాలి. 5 నుంచి మర్నాడు పొద్దున దాకా ఏమీ చేయకుండా ఉంటే గడువు దానంతట అదే పెరిగినట్టు.

సునీత ఎస్

ఒక్క మాట అడగనా? అసలు హద్దు బుధవారం 12 అయితే, మంగళవారం 5 అని చెప్పడం కొంచెం అబద్ధం కాదా? డాక్టర్ దగ్గర కూడా 11 అన్నది నిజంగా 11 అయి ఉండదు. మనల్ని తొందరపెట్టడానికి పెట్టి ఉంటారు.

పాతకాపు

కారణం దాచి పెడితే అబద్ధమే. "బుధవారం ఖాయంగా చెప్పాలి" అని మెసేజ్‌లోనే ఉంది కదా. మధ్యలో ఉన్న సగం పూట ఫోన్లు చేసుకోవడానికి మాధవి గారికి కావాల్సిన టైము.

సునీత ఎస్

కానీ ఆ సగం పూటలోనే సార్ దూరిపోయారు. ఆయనకు అది కనిపించింది కాబట్టే తీరిగ్గా చెప్పారేమో.

దూరపు_బాటసారి

నేను సునీత గారి వైపే కొంచెం. నాతో పనిచేసే ఒకామె కారణం చెప్పదు, గడువు మాత్రం చెప్తుంది, దాటితే నిజంగానే మార్చేస్తుంది. ఆవిడకు అందరూ టైముకి చెప్తారు. ఆవిడంటే కొంచెం భయం కూడా ఉందనుకోండి.

మాధవి_పి

సార్ దగ్గర ఆ భయం నాకు కుదరదు :) వచ్చే నెల మళ్ళీ ఇదే రివ్యూ ఉంది. ఈసారి సార్ మెసేజ్‌లో ఒక లైను మారుస్తున్నాను: "మంగళవారం సాయంత్రం 5 దాటితే 5:30కి ఆవిడకు వాయిదా అని చెప్తాను." టైము రాసేస్తే నేను కూడా ఆగలేను. ఇది ఎక్కువైందా?

రవి_కె

ఇదే మొదట్నుంచీ నేను చెప్తున్నది.

పాతకాపు

మీరు చెప్పింది "వస్తున్నట్టే అనుకో" అని, రవి గారూ. మాధవి గారూ, ఎక్కువేం కాదు. కానీ 5:30కి చెప్పగలరా లేదా చూసుకోండి. ఆ టైముకి ఆవిడ ఫోన్ ఎత్తకపోతే మెయిల్ సరిపోతుందా అని ఆవిడనే ముందు అడిగి పెట్టుకోండి.